డ్యాష్‌బోర్డుల్లో 171, బిల్లింగ్‌లో 118: చిన్న బడ్జెట్‌ని ఎలా పంచాలి?

ప్రశ్న: చిన్న వ్యాపారాలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నెల చందా మీద ఇస్తాం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక నెల చందాని 1 అనుకోండి. మా మార్కెటింగ్ బడ్జెట్ నెలకి 200. మూడు నెలలుగా సెర్చ్ యాడ్స్, మెటా యాడ్స్, వీడియో క్రియేటర్లు, వెబ్‌సైట్ వ్యాసాలు, అకౌంటెంట్లతో భాగస్వామ్యం, ఈ ఐదింటికీ తలా 40 పెడుతున్నాం. వాటి వాటి రిపోర్టుల ప్రకారం వచ్చిన కస్టమర్లు వరసగా 64, 58, 9, 31, 9. మొత్తం 171. మా బిల్లింగ్‌లో చూస్తే కొత్తగా డబ్బు కట్టినవాళ్లు 118 మందే. ప్రచారం మొదలుపెట్టకముందు నెలకి 10 మంది దాకా వాళ్లంతట వాళ్లే వచ్చేవారు. ఖర్చులు పోను చందాలో 75 శాతం మిగులుతుంది. నెలకి 8 శాతం మంది మానేస్తారు. పెట్టిన డబ్బు ఆరు నెలల్లో తిరిగి రావాలి. ఏ ఛానల్ పనిచేస్తోందో అంతుపట్టడం లేదు. ఈ 200ని ఎలా పంచమంటారు?

సమాధానం: ఛానళ్ల జోలికి వెళ్లేముందు ఒక అంకె తేల్చుకోండి. ఒక కస్టమర్ కోసం మీరు గరిష్ఠంగా ఎంత ఖర్చు పెట్టవచ్చు? ఆరు నెలలు కదా, 6 చందాల్లో 75 శాతం, అంటే 4.5 అని చాలామంది లెక్కేస్తారు. అందులో మానేసేవాళ్లని మర్చిపోతారు. ఈ నెల 100 మంది చేరితే వచ్చే నెల కట్టేది 92 మంది, ఆపై నెల 85 మంది, అలా తగ్గుతూ పోతుంది. ఆరు నెలలూ కూడితే ఒక్కో కస్టమర్ సగటున కట్టేది 4.9 చందాలు. అందులో 75 శాతం అంటే 3.7. మీ హద్దు ఇదే. ఇకపై ప్రతి నిర్ణయాన్నీ దీనితోనే కొలవాలి.

ఇప్పుడు మూడు నెలల ఖర్చు 600ని డ్యాష్‌బోర్డులు చెప్పే 171తో భాగిస్తే తలకి 3.5 వస్తుంది. హద్దు లోపలే ఉన్నాం, ఫర్వాలేదనిపిస్తుంది. అసలు లెక్క వేరు. వచ్చింది 118 మంది. అందులో ప్రచారం లేకపోయినా వచ్చేవాళ్లు నెలకి 10 చొప్పున 30 మంది. మిగిలిన 88 మందితో 600ని భాగిస్తే తలకి 6.8. హద్దుకి దాదాపు రెట్టింపు. కాబట్టి ఏ ఛానల్‌కి పెంచాలన్నది తర్వాతి మాట. మొత్తం మీద ఇప్పుడు చేతినుంచి డబ్బు పోతోంది, ఎక్కడ పోతోందో ముందు పట్టుకోవాలి.

171కీ 118కీ తేడా ఎందుకొచ్చిందంటే, ఒకే సంబంధాన్ని ముగ్గురు పెళ్లిళ్ల పేరయ్యలు తామే కుదిర్చామని చెప్పుకున్నట్టు, ఒకే కస్టమర్‌ని రెండు మూడు ఛానళ్లు తమ ఖాతాలో రాసుకుంటున్నాయి. మీరు సెట్టింగ్ మార్చకపోతే మెటా, యాడ్ నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నవాళ్లతో పాటు, యాడ్ కళ్లబడిన ఒక్క రోజులోపు కొన్నవాళ్లని కూడా లెక్కేసుకుంటుంది. గూగుల్ యాడ్స్ క్లిక్ చేసిన 30 రోజుల వరకూ తన లెక్కే అంటుంది. ఒకాయన మెటా యాడ్ చూసి, అదే రోజు మీ పేరు వెతికి, పైన కనిపించిన సెర్చ్ యాడ్ నొక్కి కొంటే ఇద్దరికీ ఒక్కో మార్కు పడుతుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఎవరి కిటికీలోంచి వాళ్లు చూస్తున్నారు.

అందుకని మొదటి పనిగా ప్రతి అంకెనీ కోసి చూడండి. సెర్చ్ యాడ్స్‌లో సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిచి, 64 మందిలో ఎంతమంది మీ సంస్థ పేరే టైప్ చేసి వచ్చారో వేరు చేయండి. యాడ్స్ ఎక్కడ చూపించాలో గూగులే నిర్ణయించే పెర్ఫార్మెన్స్ మ్యాక్స్ క్యాంపెయిన్ నడుపుతుంటే పేరు వెతుకులాటలు అందులో కలిసిపోయి ఉంటాయి, బ్రాండ్ మినహాయింపు పెట్టి విడదీయాలి. మెటాలో క్లిక్ చేసి కొన్నవాళ్లని, ఊరికే చూసి కొన్నవాళ్లని వేర్వేరు వరసల్లో పెట్టి చూడండి. వ్యాసాల లెక్కలో, వచ్చినవాళ్లు మొదట దిగింది ఏ పేజీలోనో చూడండి. సెర్చ్‌లోంచి నేరుగా హోమ్‌పేజీకి వచ్చాడంటే చాలావరకు మీ పేరు ముందే తెలిసి వెతికాడన్నమాట. వ్యాసం ఆ కస్టమర్‌ని తేలేదు.

ఇలా కోసినప్పుడు ఈ కింది విధంగా తేలిందనుకుందాం. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు, దారి మాత్రం ఇదే. సెర్చ్‌లో 64కి 41 మంది మీ పేరు వెతికినవాళ్లు, వాళ్ల మీద అయిన ఖర్చు 22. మిగిలిన 23 మంది “బిల్లింగ్ సాఫ్ట్‌వేర్” లాంటి మాటలు వెతికి వచ్చినవాళ్లు, వాళ్ల మీద ఖర్చు 98, తలకి 4.3. మెటాలో 58కి క్లిక్ చేసినవాళ్లు 19 మందే, తలకి 6.3. వ్యాసాల్లో 31కి 24 మంది నేరుగా హోమ్‌పేజీకే వచ్చారు. అకౌంటెంట్ల ద్వారా వచ్చిన 9 మందిలో 7 మంది మూడో నెలలోనే చేరారు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. 4.3 మంచిది, 6.3 చెడ్డది, ఇది తెంపేద్దాం, అది పెంచుదాం అంటారు. అంత చిన్న అంకెల మీద అలా తేల్చడానికి లేదు. వచ్చిన సంఖ్యకి వర్గమూలం తీసి రెట్టింపు చేయండి. అటూ ఇటూ అంత ఊగిసలాట కేవలం అదృష్టం వల్లే ఉంటుంది. నెలకి 40 పెట్టే ఛానల్ సరిగ్గా మీ హద్దు దగ్గర నడుస్తోందనుకోండి, నెలకి 11 మంది రావాలి. 11కి వర్గమూలం 3.3, రెట్టింపు 6.6. అంటే ఏ మార్పూ చేయకుండానే ఒక నెల 5, ఇంకో నెల 17 వచ్చినా అది మామూలే. 5 వచ్చిన నెల మీటింగ్‌లో యాడ్ మార్చేస్తారు, 17 వచ్చిన నెల ఆ కొత్త యాడ్‌కి చప్పట్లు కొడతారు. రెండూ గాలికి కదిలిన తెరే.

తలా 40 చొప్పున ఐదు ముక్కలు చేయడమే మీ అసలు తప్పు. ఏ ముక్కా తన సంగతి చెప్పగలిగేంత పెద్దది కాదు. 200లో 120 ఒకచోట పెడితే హద్దు దగ్గర నెలకి 32 మంది రావాలి, ఊగిసలాట 11. రెండు నెలలు చూస్తే 65 మంది, ఊగిసలాట 16. అప్పుడు మాట వినబడుతుంది. రిస్కు పంచుకోవాలనే బుద్ధి పెట్టుబడుల్లో మంచిదే. ఇంకా ఏది పనిచేస్తుందో తెలియని దశలో దాన్ని తెచ్చి మార్కెటింగ్‌లో పెడితే మాత్రం, డబ్బు పోవడమే కాదు, పోయిన డబ్బు ఏమీ నేర్పకుండా పోతుంది.

ఈ కొలతతో పై అంకెలు మళ్లీ చదవండి. పేరు కాని సెర్చ్‌లో 98 ఖర్చుకి హద్దు ప్రకారం 26 మంది రావాలి, వచ్చింది 23. ఊగిసలాట లోపలే ఉంది, అంటే హద్దులో ఉన్నా ఉండవచ్చు. మెటాలో 120కి 32 మంది రావాలి, క్లిక్కుల లెక్కలో 19 మంది వచ్చారు. 19 మీద ఊగిసలాట కలిపినా 28 దాటదు. క్లిక్ ఒక్కటే కొలమానమైతే మెటా ఓడిపోయినట్టే. కానీ చూసి గుర్తుపెట్టుకుని తర్వాత పేరు వెతికినవాళ్లు కొందరు నిజంగానే ఉండవచ్చు. దాన్ని తేల్చే రిపోర్టు లేదు. ఆపి చూడటమొక్కటే మార్గం.

ఆపడంలోనూ ఒక వరస ఉంది. ఒకేసారి రెండు ఆపితే ఏది తగ్గించిందో తెలియదు. మొదటి రెండు వారాలు మీ పేరు మీద వచ్చే సెర్చ్ యాడ్స్ ఆపండి, మిగతావేవీ కదపకండి. దీన్ని కస్టమర్లతో కాదు, క్లిక్కులతో కొలవాలి, ఎందుకంటే క్లిక్కులు వందల్లో ఉంటాయి, త్వరగా తేలుతుంది. అంతకుముందు రెండు వారాల్లో మీ పేరు వెతికినవాళ్ల నుంచి యాడ్ ద్వారా 180, మామూలు ఫలితం ద్వారా 260, మొత్తం 440 క్లిక్కులు వచ్చాయనుకోండి. రెండోది గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్‌లో దొరుకుతుంది. యాడ్ ఆపాక మామూలు క్లిక్కులే 425 అయితే, మీరు నిజంగా పోగొట్టుకుంది 15. అంటే 180 క్లిక్కులకి కట్టిన డబ్బు నిజానికి 15 కోసం కట్టారు. ఒక్కో క్లిక్కు మీరనుకున్న దానికి 12 రెట్లు పడింది. ఈబే సంస్థలో ఇదే చేసి చూసిన ఫలితం 2015లో ఎకనోమెట్రికా పత్రికలో వచ్చింది. తమ పేరు మీద యాడ్స్ ఆపితే ఆ క్లిక్కులు దాదాపు పూర్తిగా మామూలు ఫలితాల్లోంచే వచ్చేశాయి. ఈబే అందరికీ తెలిసిన పేరు కాబట్టి ఆ ఫలితాన్ని గుడ్డిగా మీకు అన్వయించుకోకండి. మీ పేరు వెతికినప్పుడు పైన పోటీదారు యాడ్ కనబడుతోందా లేదా అని రోజూ ఒకసారి చూసుకోండి. కనబడుతుంటే, క్లిక్కులు గట్టిగా పడిపోతే, పేరు యాడ్ వెనక్కి తెచ్చుకోండి. అది చవకైన కాపలా.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా మెటా పూర్తిగా ఆపండి. ఆ నాలుగు వారాలూ ధర మార్చకూడదు, ఆఫర్ పెట్టకూడదు, క్రియేటర్ కొత్త వీడియో వేస్తానన్నా ఆగమనాలి. మీకు సగటున నెలకి 39 మంది కొత్తవాళ్లు వస్తున్నారు. మెటా చెప్పే 58 నిజమైతే అందులో నెలకి 19 మంది దాని వల్లే, ఆపగానే 39 కాస్తా 20కి దిగాలి. అంత పడితే తప్పకుండా కనబడుతుంది. 39కి ఊగిసలాట 12 కాబట్టి, 6 మంది తగ్గితే మాత్రం కనబడదు. ఇందులో మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. కనబడనంత చిన్న తేడా మీకు గిట్టుబాటు కాని తేడానే. 40 ఖర్చుకి 6 మంది అంటే తలకి 6.7, హద్దు ఎప్పుడో దాటిపోయింది. నిజంగా ఇరకాటం 10, 12 మంది తగ్గితేనే, ఎందుకంటే 11 దగ్గరే మీ హద్దు. అలా వస్తే మెటాని మళ్లీ నడిపి ఇంకోసారి ఆపి చూడటం తప్ప దొడ్డిదారి లేదు.

ఇక్కడ తేదీలతో జాగ్రత్త. మీరు 14 రోజుల ఉచిత ట్రయల్ ఇస్తుంటే, మెటా ఆపిన మొదటి రెండు వారాల్లో డబ్బు కట్టేవాళ్లు అంతకుముందు యాడ్స్ చూసి చేరినవాళ్లు. డబ్బు కట్టిన తేదీ చూసి “ఆపినా ఏమీ తగ్గలేదు” అనుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ట్రయల్ మొదలుపెట్టిన తేదీ ప్రకారం లెక్కపెట్టండి. ఆ నాలుగు వారాల్లో ట్రయల్ మొదలుపెట్టినవాళ్లలో చివరికి ఎంతమంది కట్టారన్నదే మీకు కావలసిన అంకె. అది తేలడానికి ఇంకో రెండు వారాలు పట్టినా ఆగండి. అన్నట్టు, డబ్బు కట్టిన వెంటనే వచ్చే పేజీలో “మా గురించి మొదట ఎలా తెలిసింది?” అని ఖాళీ పెట్టె ఒకటి పెట్టండి. పేర్ల జాబితా ఇస్తే చాలామంది మొదటిదే నొక్కేస్తారు. ఈ జవాబులతో లెక్కలు కట్టకూడదు. కానీ 40 మందిలో ఒక్కరూ క్రియేటర్ వీడియో మాట ఎత్తకపోతే అదీ ఒక సమాచారమే.

ఏడో వారం నుంచి, ట్రయల్ ఇస్తుంటే ఆ రెండు వారాలు కూడా ఆగాక, అసలు పంపకం. మెటా పరీక్షలో మీ అంకెలు 19 దరిదాపుల్లో తగ్గలేదనుకుని చెబుతున్నాం. 200లో 120 పేరు కాని సెర్చ్‌కి, 50 అకౌంటెంట్లకి, 30 పక్కన. వీడియోలకి సున్నా. వాటి మీద కోపంతో కాదు. క్రియేటర్‌కి ఒక్క వీడియోకి గంపగుత్తగా ఇచ్చేయాలి, మధ్యలో తగ్గించుకునే వీలుండదు, కూపన్ కోడ్ వాడనివాళ్లు లెక్కలోకి రారు, కూపన్ వెతికి వాడుకునేవాళ్లు అనవసరంగా లెక్కలోకి వస్తారు. ఇంత చిన్న డబ్బుతో చదవగలిగే ఛానల్ కాదది. వ్యాసాలకి బయటివాళ్లకి డబ్బివ్వడం మానేసి, కొనేముందు జనం చదివే మూడు నాలుగు పేజీలు, అంటే ధర, పాత సాఫ్ట్‌వేర్ నుంచి డేటా ఎలా తెచ్చుకోవాలి, ఇతరులతో పోలిక, ఇవి మీరే రాసుకోండి.

సెర్చ్‌కి నియమం ముందే కాగితం మీద రాసి, భాగస్వాములంతా చూసేలా పెట్టండి. రెండు నెలల్లో 240 ఖర్చు, హద్దు ప్రకారం 65 మంది రావాలి. 65 గానీ అంతకుమించి గానీ వస్తే పెంచుతాం. 49కి లోపు వస్తే ఆపేస్తాం. మధ్యలో ఉంటే అదే ఖర్చుతో ఇంకో నెల చూస్తాం. ఫలితం వచ్చాక నియమం రాసుకుంటే 50 వచ్చినా “బాగానే ఉంది కదా” అనిపిస్తుంది.

ఆ రెండు నెలల్లో వారం వారం చేయాల్సింది ఒకటే, పనికిరాని వెతుకుడు మాటల్ని తీసేయడం. “ఫ్రీ”, “ఉద్యోగం”, “కోర్సు”, పోటీ కంపెనీ “లాగిన్” ఇలాంటివి కనబడగానే, యాడ్ చూపించకూడని మాటలుండే నెగటివ్ జాబితాలో వేయండి. తెలియనివాటికి ఒక సులువైన కొలత ఉంది. ఏదైనా కీవర్డ్ మీద మీ హద్దుకి మూడు రెట్లు, అంటే 11 ఖర్చయినా ఒక్క కస్టమర్ రాకపోతే ఆపండి. హద్దులో నడిచే కీవర్డ్‌కి అలా సున్నా రావడం 20 సార్లలో ఒక్కసారే జరుగుతుంది. 40 కీవర్డ్‌లు నడుపుతుంటే ఒకటో రెండో మంచివి అన్యాయంగా పోతాయి, పోనివ్వండి. హద్దుకి ఒక రెట్టు ఖర్చయిన చోటే ఆపేస్తే మాత్రం మూడింట ఒకటికి పైగా మంచివాటినే చంపుకుంటారు.

అకౌంటెంట్ల సంగతి వేరు. ఒక అకౌంటెంట్ మీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, ఒక క్లయింట్ దగ్గర పెట్టి, సజావుగా నడుస్తోందని నమ్మకం కుదిరాకే రెండో క్లయింట్‌కి చెబుతాడు. మొదటి రెండు నెలల్లో 2, మూడో నెలలో 7 అన్న వరస ఆ ఆలస్యం వల్ల కావచ్చు, అదృష్టం వల్లా కావచ్చు. అందుకే అక్కడ ఇంకో మూడు నెలలు కస్టమర్ల సంఖ్యతో తీర్పు చెప్పకండి. రెండో క్లయింట్‌ని తెచ్చిన అకౌంటెంట్లు ఎందరో లెక్కపెట్టండి. మొదటి క్లయింట్ మొహమాటం మీదో ప్రయోగంగానో రావచ్చు, రెండోది అలా రాదు. మూడు నెలల్లో ఆ సంఖ్య పెరగకపోతే శిక్షణ తరగతులకి ఎంతమంది వచ్చినా ఆ 50 వృథాయే. ఇటునుంచి వచ్చినవాళ్లలో నెలకి మానేసేవాళ్ల శాతం కూడా విడిగా పెట్టుకోండి. 8 శాతం కన్నా బాగా తక్కువుంటే వాళ్లకి హద్దు 3.7 కాదు, అంతకన్నా ఎక్కువే పెట్టవచ్చు.

సెర్చ్ నెగ్గి పెంచాల్సి వస్తే ఒక్కసారిగా రెట్టింపు చేయకండి. నాలుగో వంతు చొప్పున పెంచి, పెంచిన ముక్కనే కొలవండి. 120కి నెలకి 34 మంది వచ్చేవారు, 150కి 37 మంది వస్తున్నారనుకోండి. సగటు చూస్తే తలకి 4.05, కొంచెమే పెరిగిందనిపిస్తుంది. కానీ అదనంగా పెట్టిన 30కి వచ్చింది ముగ్గురే, తలకి 10. బాగా వెతికే మాటలన్నీ ముందే అయిపోయాయి, ఇప్పుడు అంచుల్లో ఉన్నవాటికి డబ్బు పోస్తున్నారు. ఒక్క నెలలో ముగ్గురు అన్నది ఊగిసలాట కూడా కావచ్చు కాబట్టి, రెండు మూడు నెలలు అలాగే ఉంటేనే వెనక్కి 120కి రండి.

పక్కన పెట్టిన 30 దేనికంటే, మెటాని ఎప్పటికైనా సరిగ్గా పరీక్షించడానికి. నెలకి 40తో అది ఓడిపోవడం దాని తప్పు కాకపోవచ్చు. ఒక యాడ్ సెట్‌కి వారానికి సుమారు 50 ఫలితాలు అందితేగానీ తన లెర్నింగ్ దశ దాటదని మెటాయే చెబుతుంది. మీ 40తో వారానికి ఇద్దరు ముగ్గురు కస్టమర్లకి మించి రారు, ఎవరికి చూపించాలో అది నేర్చుకునే అవకాశమే లేదు. అందుకని కస్టమర్‌ని కాకుండా ట్రయల్ మొదలుపెట్టడాన్ని లక్ష్యంగా పెట్టాలి. అయిదు ట్రయల్స్‌కి ఒకరు కట్టేవాళ్లయితే ఒక ట్రయల్ హద్దు 0.74. వారానికి 50 చొప్పున నాలుగు వారాలకి 200 ట్రయల్స్, ఖర్చు 148. నెలకి 30 దాచుకుంటే ఐదో నెల చివరికి 150 చేతిలో ఉంటుంది. ఆ మొత్తాన్ని నాలుగు వారాల్లో ఒకే యాడ్ సెట్ మీద పెట్టండి. ఆ ట్రయల్స్‌లో మొదటి వారంలోనే కనీసం మూడు బిల్లులు కొట్టినవాళ్ల శాతం సెర్చ్ నుంచి వచ్చినవాళ్లతో పోల్చండి. బాగా తక్కువుంటే ట్రయల్స్ ఎంత చవగ్గా వచ్చినా వాటిలో అయిదుకి ఒకరు కట్టరు, 0.74 అన్న హద్దు కూడా అప్పుడు తప్పే.